షాపుల పేజీలు నెలవారీగా చూసిపెట్టాలంటే: గంటల లెక్క, క్యాలెండర్, ఒక్క పేజీ రిపోర్టు

ప్రశ్న: రెండు షాపుల వాళ్ళు తమ ఇన్‌స్టా, ఫేస్‌బుక్ పేజీలు నెలనెలా చూసిపెట్టమని అడిగారు. ప్యాకేజీ ఎలా కట్టాలి? నెలకి ఎన్ని పోస్టులు అనాలి? నెలాఖరున రిపోర్టులో ఏం చూపించాలి? ఒకాయన ఇన్ని వేల ఫాలోవర్లు పెరగాలని గ్యారంటీ అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

గ్యారంటీ ఇవ్వకండి. ప్యాకేజీని పోస్టుల లెక్కన కాకుండా మీ గంటల లెక్కన కట్టండి. మొదటిసారి చేస్తున్నారు కాబట్టి వారానికి మూడు, అంటే నెలకి పన్నెండు పోస్టులు చాలు. మెసేజీలకు జవాబులివ్వడం వేరే పని, దాన్ని వేరే ప్యాకేజీగా పెట్టండి. రిపోర్టు ఒక్క పేజీ దాటకూడదు. అందులో ఎన్ని కాల్స్ వచ్చాయి, ఎన్ని మెసేజీలు వచ్చాయి, ఎంతమంది గూగుల్‌లో షాపుకి దారి చూసుకున్నారు, ఎంతమంది కౌంటర్ దాకా వచ్చారు అన్న నాలుగు అంకెలుంటే షాపాయన పూర్తిగా చదువుతారు. నేను ఈ పనిలో తొమ్మిదేళ్ళుగా ఉన్నాను. ఇందులో చాలా భాగం దెబ్బలు తిన్నాకే నేర్చుకున్నాను కాబట్టి కారణాలతో సహా చెబుతాను.

ముందు గంటల సంగతి. కొత్తలో నేను ఒక కళ్ళజోళ్ళ షాపుతో "నెలకి పన్నెండు పోస్టులు, ఇంత" అని ఒప్పుకున్నాను. నా మనసులో ఉన్న లెక్క ఇది: నాలుగు రీల్స్, ఒక్కోదానికి గంటంపావు, మొత్తం ఐదు గంటలు. ఎనిమిది ఫోటో పోస్టులు, ఒక్కోదానికి అరగంట, మొత్తం నాలుగు గంటలు. అంటే తొమ్మిది గంటల పని. ఆ లెక్కకే డబ్బు చెప్పాను. నెల తిరిగేసరికి ఎందుకో రోజూ ఆ షాపు పనే చేస్తున్నట్టు అనిపించింది. రెండో నెల ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఆ షాపు కోసం ఫోన్ పట్టుకున్న ప్రతిసారీ నిమిషాలు రాశాను.

తేలింది ఇది. షాపుకి వెళ్ళి షూట్ చేసి రావడానికి మూడు గంటలు. క్యాలెండర్ వేసి, అన్నిటికీ క్యాప్షన్లు రాయడానికి రెండు గంటలు. "ఈ ఫ్రేము రంగు సరిగా రాలేదు, ఫోన్ నంబరు పెద్దదిగా పెట్టండి" లాంటి మార్పులకు గంటన్నర. రిపోర్టు తయారు చేసి, కూర్చుని వివరించడానికి గంటన్నర. నేను లెక్కేసుకున్న తొమ్మిది గంటలు వీటితో కలిపి పదిహేడయ్యాయి. దాని మీద కామెంట్లకు, మెసేజీలకు జవాబులు రోజుకి పావుగంట చొప్పున, ఇరవయ్యారు రోజులకు ఆరున్నర గంటలు. మొత్తం ఇరవై మూడున్నర. నేను తొమ్మిది గంటలకు డబ్బు తీసుకుని ఇరవై మూడున్నర గంటలు చేస్తున్నాను. ఇందులో పావు వంతుకి పైగా జవాబులకే పోతోంది, ఒప్పందంలో ఆ మాటే లేదు.

మీరూ ఇలాగే లెక్క తీయండి. నెలకి వంద గంటలు మాత్రమే షాపుల పనికి దొరుకుతాయనుకోండి. మిగతా సమయం తిరగడానికి, కొత్తవాళ్ళతో మాట్లాడటానికి, డబ్బు వసూలుకి, నేర్చుకోవడానికి పోతుంది. నెలకి మీ ఇంటి ఖర్చు, ఫోను, నెట్టు, డిజైన్ యాప్ ఖర్చు, కాస్త మిగులు అన్నీ కూడి వందతో భాగిస్తే మీ గంట ధర వస్తుంది. జవాబులు కూడా చూసే షాపులు ఆ వంద గంటల్లో నాలుగు పడతాయి, ఐదోది పట్టదు. పక్కవాళ్ళు ఎంత తీసుకుంటున్నారో చూసి మీ ధర పెట్టుకుంటే ఈ నాలుగు అనే హద్దు కనపడదు. ఎనిమిది షాపులు ఒప్పుకుని, మూడో నెలకి అన్నిచోట్లా మాట పోగొట్టుకున్నవాళ్ళను చూశాను.

ప్యాకేజీలు మూడే పెట్టుకోండి. మొదటిది ఒక్కసారి చేసే సర్దుబాటు: పేజీల పేరు, చిరునామా, ఫోను, పనివేళలు అన్నిచోట్లా ఒకేలా ఉండేలా దిద్దడం, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ సరిచేయడం, వాట్సాప్ బిజినెస్ పెట్టడం, పాత మంచి ఫోటోలు ఎక్కించడం. రెండోది నెలవారీ పోస్టులు, జవాబులు షాపువాళ్ళవే. మూడోది పోస్టులతో పాటు జవాబులు కూడా. చాలా షాపులకు రెండోది సరిపోతుంది. ఎందుకంటే "ఈ పవర్‌కి ఎంతవుతుంది, రేపటికిస్తారా" అని అడిగితే ఎలాగూ మీరు షాపాయన్నే అడగాలి. మధ్యలో మీరుంటే ఆలస్యమే. తరచూ వచ్చే పది ప్రశ్నలకు జవాబులు రాయించి, వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైలుగా పెట్టి, కౌంటర్‌లో కూర్చునే అమ్మాయికో అబ్బాయికో ఒక పూట నేర్పితే వాళ్ళే మీకంటే బాగా చేస్తారు.

మూడో ప్యాకేజీ తీసుకుంటే వేళలు రాసుకోండి. నేను పొద్దున పదికి, సాయంత్రం ఆరుకి చూస్తానని రాస్తాను. రాయకపోతే రాత్రి పదకొండుకి "ఇది చూశారా?" అని స్క్రీన్‌షాట్ వస్తుంది.

ప్రతి ప్యాకేజీ కిందా నాలుగు మాటలు స్పష్టంగా ఉండాలి. నెలకి ఒక షూట్. ఒక్కో పోస్టుకి ఒకసారి మార్పు. ప్రకటనల డబ్బు వేరు, అది షాపువాళ్ళ కార్డు నుంచి వాళ్ళ యాడ్ అకౌంట్‌కే వెళుతుంది. నెల డబ్బు నెల మొదట్లో. ప్రకటన డబ్బు మీ చేతిమీదుగా ఎప్పుడూ నడపకండి. మీ డబ్బుతో బూస్ట్ చేసి తర్వాత తీసుకుందామనుకుంటే, మెటా వేసిన బిల్లు ఒకటి, షాపాయనకు గుర్తున్న మొత్తం ఒకటి, మధ్యలో మాట తేడా మీ ఇద్దరికీ.

పాస్‌వర్డ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాస్‌వర్డ్ తీసుకోకండి, యాక్సెస్ తీసుకోండి. ఫేస్‌బుక్ పేజీలో యజమాని మీకు యాక్సెస్ ఇవ్వొచ్చు, ఆయన బిజినెస్ పోర్ట్‌ఫోలియో నుంచి మిమ్మల్ని చేర్చొచ్చు. పేజీ, యాడ్ అకౌంట్ రెండూ ఆయన పేరు మీదే ఉండాలి. గూగుల్ ప్రొఫైల్‌లో మీరు మేనేజర్‌గా చేరండి, ఓనర్‌గా కాదు. అక్కడ కొత్తగా చేరినవాళ్ళకు కొన్ని పనులు చేయడానికి ఏడు రోజులు ఆగాల్సి వస్తుంది, కాబట్టి ఒప్పందం కుదిరిన రోజే ఆ పని మొదలుపెట్టండి. నా దగ్గరికి వచ్చిన ఒక షాపాయన పేజీ అంతకుముందు చూసిన కుర్రాడి సొంత అకౌంట్‌తో తెరిచింది. ఆ కుర్రాడు వేరే ఉద్యోగంలో చేరి ఫోన్ నంబరు మార్చేశాడు. నాలుగేళ్ళ ఫోటోలు, రివ్యూలు ఉన్న పేజీని అలాగే వదిలేసి కొత్తది తెరవాల్సి వచ్చింది. పాత పేజీ ఇంకా అక్కడే ఉంది, అందులో పాత ఫోన్ నంబరుంది, జనం దానికే ఫోన్ చేస్తున్నారు.

ఇక క్యాలెండర్. "మంచి ఐడియాలు ఎక్కడి నుంచి వస్తాయి" అని చాలామంది అడుగుతారు. కౌంటర్ దగ్గర నుంచి వస్తాయి. కొత్త షాపు తీసుకున్నప్పుడు నేను మొదట చేసే పని, రద్దీగా ఉండే ఒక సాయంత్రం గంటన్నర సేపు ఒక మూల కూర్చుని, వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్నలు అడిగినవి అడిగినట్టే రాసుకోవడం. ఆ కళ్ళజోళ్ళ షాపులో ఆరోజు రాసుకున్నవాటిలో కొన్ని: "పాత ఫ్రేముకే కొత్త అద్దాలు వేస్తారా?" "మెట్లు దిగుతుంటే కింద మసకగా ఉంది, అద్దం తేడానా?" "స్క్రూ ఊడిపోయింది, ఇప్పుడే బిగిస్తారా?" "పిల్లాడు కూర్చుని విరగ్గొట్టాడు, దండీ ఒక్కటే దొరుకుతుందా?" గంటన్నరలో ఇరవై రెండు ప్రశ్నలు. వారానికొకటి వేసినా ఐదు నెలలకి సరిపోతాయి. పైగా అవి జనం మాటల్లోనే ఉన్నాయి. "దృష్టి సంరక్షణలో మీ నమ్మకమైన నేస్తం" అని మనం రాసే క్యాప్షన్‌ని ఎవరూ వెతకరు.

వారంలో మూడు పోస్టులకి నా అలవాటు ఇది: ఒకటి ఇలాంటి ప్రశ్నకి జవాబు, ఒకటి కొత్తగా వచ్చిన సరుకు, ఒకటి పని జరుగుతున్న తీరు. అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీయడం, బిగించాక ముక్కు మీద సరిగా కూర్చుందో లేదో చూడటం, అలాంటివి. క్యాలెండర్‌ను గూగుల్ షీట్‌లో పెడతాను. నిలువు వరుసలు ఆరే: తేదీ, విషయం, ఏం కావాలి, ఎవరివ్వాలి, ఓకే అన్నారా, వేశామా. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది "ఎవరివ్వాలి" అన్న వరుస. నెలలో పోస్టులు ఆగిపోయేది ఆలోచన లేక కాదు, కొత్త సరుకు ఫోటో షాపు నుంచి రాక. ఆ వరుసలో మనిషి పేరు ఉంటే, నెలాఖరున "పోస్టులు తగ్గాయేంటి" అన్నప్పుడు షీట్ తెరిచి ఇద్దరూ కలిసి చూసుకోవచ్చు, మాటా మాటా పెరగదు.

పన్నెండింటిలో పది మాత్రమే ముందే నింపండి, రెండు ఖాళీగా ఉంచండి. అనుకోకుండా సరుకు వస్తుంది, షాపు ఒకరోజు మూస్తారు, బడులు తెరిచే ముందు పిల్లల ఫ్రేములకి జనం పెరుగుతారు. చోటు లేకపోతే అవన్నీ అదనపు పోస్టులుగా మీ నెత్తిన పడతాయి. షూట్ రోజు కూడా క్యాలెండర్ చేత పట్టుకునే వెళ్ళండి. పది విషయాలకు కావాల్సిన షాట్లు వరుసగా తీస్తే రెండు గంటల్లో అయిపోతుంది. ఊరికే వెళ్ళి కనిపించినవి తీస్తే నలభై వీడియోలు వస్తాయి, అందులో పనికొచ్చేవి నాలుగు. పాటల విషయంలో ఒక జాగ్రత్త: ఇన్‌స్టాలో బిజినెస్ అకౌంట్‌కి దొరికే పాటలు తక్కువ, వ్యాపారానికి వాడుకోవచ్చని అనుమతి ఉన్నవే దొరుకుతాయి. అందుకే నేను షాపాయన గొంతే రికార్డు చేస్తాను. ఆయన రోజూ చెప్పే జవాబే కదా, రెండోసారికే తడబడకుండా చెప్పేస్తారు.

ఓకే తీసుకోవడంలో ఒక నియమం పెట్టుకోండి. వచ్చే వారం పోస్టులు మూడూ శుక్రవారం ఒకేసారి వాట్సాప్‌లో పంపుతాను. శనివారం సాయంత్రంలోగా ఏమీ అనకపోతే మామూలు పోస్టులు మెటా బిజినెస్ సూట్‌లో షెడ్యూల్ అయిపోతాయి. కానీ ధర గానీ తగ్గింపు గానీ తేదీ గానీ ఉన్న పోస్టు "సరే" అని రాతపూర్వకంగా రాకుండా వేయకూడదు. ఒకసారి నేను పాత నెల షీట్‌లోంచి తగ్గింపు పోస్టుని తేదీ మార్చి వేసేశాను. ఆ తగ్గింపు అప్పటికే ఆపేశారు. ఒకావిడ ఫోన్ చూపించి కౌంటర్ దగ్గర గట్టిగా అడిగితే, షాపాయన మాట నిలబెట్టుకోవడానికి ఆ ధరకే ఇచ్చారు. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు, నాకే ఆ వారం నిద్ర పట్టలేదు. ఆ తేడా నా నెల డబ్బులోంచి తీసేశాను. అప్పటినుంచీ ధర ఉన్న పోస్టు షీట్‌లో ఎర్రగా ఉంటుంది.

రిపోర్టు దగ్గరికి వద్దాం. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. రెండో నెలలో మా రీల్ ఒకటి నలభై వేల మంది చూశారు. తీగలా వంగిన ఫ్రేముని వేడి చేసి మళ్ళీ మామూలుగా చేసే రీల్ అది. నేను సంతోషంగా రిపోర్టు మొదటి పేజీలో పెద్ద అంకెలతో పెట్టాను. షాపాయన చూసి, "మంచిదే గానీ, ఈ నెల బేరాలు పోయిన నెలలాగే ఉన్నాయండీ" అన్నారు. వెనక్కి వెళ్ళి ఇన్‌సైట్స్ తెరిస్తే, చూసినవాళ్ళలో అత్యధికులు ఎక్కడెక్కడివాళ్ళో. వాళ్ళు ఈ షాపుకి ఎప్పటికీ రారు. అదే నెలలో "పాత ఫ్రేముకే కొత్త అద్దాలు వేస్తారా?" అన్న మామూలు ఫోటో పోస్టుని చూసినవాళ్ళు తొమ్మిది వందల మందే, కానీ దాని తర్వాత రెండు రోజుల్లో పదకొండు మెసేజీలు వచ్చాయి. నా రిపోర్టులో ఆ పోస్టు పేరే లేదు.

అప్పటినుంచి నాలుగే అంకెలు. గూగుల్ ప్రొఫైల్ నుంచి కాల్స్, దారి అడిగినవాళ్ళు. వాట్సాప్‌కి వచ్చిన కొత్త మెసేజీలు. కౌంటర్ దగ్గర లెక్క. వాట్సాప్ మెసేజీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడానికి ఒక చిన్న ఏర్పాటుంది. వాట్సాప్ లింకులో ముందే ఒక మాట రాసి పెట్టొచ్చు. ఇన్‌స్టా బయోలో ఒకటి, ఫేస్‌బుక్ పేజీలో ఒకటి వేరువేరుగా పెడితే, వచ్చే మెసేజీ మొదటి మాటే చెబుతుంది:

```
https://wa.me/<number>?text=Insta
https://wa.me/<number>?text=Facebook
```

నంబరుకి ముందు దేశం కోడ్ ఉండాలి, ప్లస్ గుర్తు, మొదట్లో సున్నాలు, మధ్యలో గీతలు ఉండకూడదు. కొందరు ఆ మాట చెరిపేసి తమ మాట రాస్తారు, కాబట్టి లెక్క కాస్త తక్కువే వస్తుంది. అయినా నెలకీ నెలకీ పోల్చుకోవడానికి పనికొస్తుంది. కౌంటర్ లెక్క అంటే ఒక పలుచని నోటుబుక్కు. బిల్లు వేసేటప్పుడు "ఎలా తెలిసిందండీ?" అని అడిగి, ఫోన్‌లో చూశామంటే ఒక గీత. అన్నిసార్లూ అడగరు, మర్చిపోతారు. అందుకే నేను వారంలో రెండు రోజులు మాత్రమే, ఎప్పుడూ అవే రోజులు అడగమంటాను.

మూడో నెల రిపోర్టులో ఉన్నదంతా ఇదే. గూగుల్ కాల్స్ పోయిన నెల 31, ఈ నెల 38. దారి అడిగినవాళ్ళు 54, ఇప్పుడు 57. వాట్సాప్ మెసేజీలు ఇన్‌స్టా నుంచి 9, ఇప్పుడు 17. కౌంటర్ గీతలు 14, ఇప్పుడు 21. కింద మూడు వాక్యాలు: పాత ఫ్రేముల గురించి అడిగేవాళ్ళు పెరిగారు. బహుశా ఆ విషయం మీద వేసిన రెండు పోస్టుల వల్ల. వచ్చే నెల రిపేర్ల మీద ఇలాంటివే రెండు వేద్దాం.

ఇంత చిన్న అంకెలున్నప్పుడు శాతాలు రాయకండి. 9 నుంచి 17 అయితే "ఎనిమిది మంది ఎక్కువ" అని రాయండి. "దాదాపు రెట్టింపు" అని రాస్తే వచ్చే నెల 13 అయినప్పుడు అదే నోటితో "పడిపోయింది" అనాల్సి వస్తుంది, నిజానికి రెండు నెలల్లోనూ పెద్దగా ఏమీ జరగలేదు. మూడు నెలలు వరుసగా ఒకే దిక్కుకి కదిలితేనే నేను దాని గురించి మాట్లాడతాను. ఇంకో సంగతి, గూగుల్ చూపించే కాల్స్ అంటే కాల్ బటన్ నొక్కినవాళ్ళు. అందులో ఎంతమంది మాట్లాడారో అది చెప్పదు. అందుకే ఆ నెల షాపు ఫోన్‌లో కాల్ లిస్టు కూడా చూశాను. ఎత్తని కాల్స్‌లో చాలా వరకు రాత్రి ఎనిమిదికి, తొమ్మిదికి మధ్యవే. షాపు ఎనిమిదికే మూస్తారు. గూగుల్ ప్రొఫైల్‌లో తొమ్మిది అని ఉంది, సర్దుబాటు నెలలో నేనే చూసుకోకుండా వదిలేశాను. ఐదు నిమిషాల్లో సరిచేశాను, ఆ ఐదు నిమిషాలు ఆ నెలలో వేసిన పన్నెండు పోస్టుల్లో చాలావాటికంటే ఎక్కువ మేలు చేశాయి. అంకెలన్నీ ప్రతి నెలా మీ షీట్‌లోకి ఎక్కించుకోండి, యాప్‌లు పాతవాటిని కొన్నాళ్ళే చూపిస్తాయి.

ఇప్పుడు ఆ గ్యారంటీ అడుగుతున్న ఆయన గురించి. ఫాలోవర్లు మీ చేతిలో లేరు, చేతిలో ఉన్నట్టు చేయాలంటే కొనాలి. కొన్న ఫాలోవర్లు పోస్టులు చూడరు. వాళ్ళు చూడకపోతే పోస్టు అసలైన చుట్టుపక్కలవాళ్ళకి కూడా తక్కువగా చేరుతుంది. ఆయనతో ఇలా అనండి: "ఫాలోవర్ల మాట ఇవ్వలేనండీ. నెలకి పన్నెండు పోస్టులు తేదీకి పడతాయని, ఒక షూట్ అని, ఐదో తారీఖులోగా రిపోర్టని రాసిస్తాను. మూడు నెలలు చూడండి. కౌంటర్ దగ్గర గీతలు పెరగకపోతే ఆపేద్దాం, పేజీ అంతా మీదే, నా యాక్సెస్ తీసేస్తే సరిపోతుంది." ఇలా చెప్పినప్పుడు సగంమంది ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్ళను నేను తీసుకోలేదు. రెండు షాపుల్లో ఆ గ్యారంటీ అడగని వారితో ముందు మొదలుపెట్టండి. మూడు నెలల రిపోర్టులు చేతికొచ్చాక రెండో ఆయన దగ్గరికి వాటిని తీసుకుని వెళ్ళండి, షాపు పేరు కనపడకుండా, మొదటివారిని అడిగాకే.